ఓనరు నీళ్లు కట్టేసి, స్పేర్ తాళంతో లోపలికొస్తుంటే: ‘క్వయెట్ ఎంజాయ్‌మెంట్’ క్లాజు ఎంతవరకు కాపాడుతుంది?

ప్రశ్న: విజయవాడ పటమటలో ఫస్ట్ ఫ్లోర్ డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్‌లో ఉంటున్నాం. అద్దె 14 వేలు, అడ్వాన్సు 28 వేలు. 11 నెలల అగ్రిమెంటులో ఇంకా 5 నెలలుంది. ఓనరు గారు కింద పోర్షన్‌లోనే ఉంటారు. ఇల్లు అమ్ముతున్నాం, ఖాళీ చెయ్యండి అంటున్నారు. మేం లేనప్పుడు రెండుసార్లు స్పేర్ తాళంతో తీసి కొనేవాళ్లకి చూపించారు. ఇప్పుడు వారం నుంచి మా పోర్షన్‌కి వెళ్లే వాల్వు కట్టేశారు, కింద మాత్రం నీళ్లు వస్తున్నాయి. అగ్రిమెంటులో ‘క్వయెట్ ఎంజాయ్‌మెంట్’ అని ఒక లైనుంది. దాంతో ఏమన్నా చెయ్యొచ్చా? అద్దె ఆపేద్దాం అని మా వారు అంటున్నారు.

జవాబు:

అద్దె మాత్రం ఆపకండి. మీ కేసు మొత్తం దాని మీదే నిలబడుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ లైను సంగతి చూడాలి.

అది మీ అగ్రిమెంటులో రాయకపోయినా ఉన్నట్టే లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108లో (సి) క్లాజు ఏమంటుందంటే: అద్దెకున్నవారు అద్దె కడుతూ, తమ మీద ఉన్న షరతులు పాటిస్తూ ఉంటే, గడువు ఉన్నంతకాలం ఏ ఆటంకం లేకుండా ఆస్తిని అనుభవించవచ్చని ఓనరు మాట ఇచ్చినట్టే భావించాలి. ఇందులో మూడు ముక్కలున్నాయి. అద్దె కట్టి ఉండాలి, షరతులు పాటించి ఉండాలి, గడువు లోపల ఉండాలి. అద్దె ఆపిన మరుక్షణం మొదటి ముక్క మీ చేతుల్లోంచి జారిపోతుంది. కోర్టులో అవతలి లాయరు నీళ్ల సంగతి ఎత్తనే ఎత్తడు. ‘వీళ్లు అద్దె బాకీ, అందుకే ఖాళీ చెయ్యమన్నాం’ అని మొదలుపెడతాడు. ఇంట్లో కొంత భాగం ఓనరు లాక్కుంటే అద్దె నిలిపివేయడమో తగ్గించడమో చేసుకోవచ్చనే వాదన ఒకటి ఉంది కానీ, అది కోర్టు విచక్షణ మీద ఆధారపడే సంగతి. మనంతట మనం అమలు చేసుకునే హక్కు కాదు. అడ్వాన్సులో సర్దుకోండి అనడం కూడా అద్దె ఆపినట్టే అవుతుంది.

కాబట్టి ప్రతి నెలా అగ్రిమెంటులో ఉన్న తేదీ లోపల బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపండి, నోట్‌లో ‘జూలై అద్దె, ఫస్ట్ ఫ్లోర్’ అని రాయండి. నగదు ఇవ్వాల్సివస్తే సంతకంతో రశీదు తీసుకోండి. ఓనరు డబ్బు వెనక్కి పంపేస్తే ఆ వెనక్కొచ్చిన ఎంట్రీని దాచి, మళ్లీ పంపండి. అద్దె ఇవ్వడానికి మీరు సిద్ధంగా ఉన్నారని, తీసుకోనిది ఆయనేనని దానితోనే తేలుతుంది. అలాగే అగ్రిమెంటు మళ్లీ ఒకసారి చదివి మీ వైపు లొసుగులేమన్నా ఉన్నాయేమో చూసుకోండి: రాసినదానికంటే ఎక్కువమంది ఉండటం, వేరేవాళ్లకి గది ఇవ్వడం, కరెంటు బిల్లు పెండింగు లాంటివి. ఉంటే, ఓనరుకి ఉత్తరం పెట్టకముందే సరిచేసుకోండి.

ఈ మాట దేన్ని కాపాడుతుందన్న దగ్గర చాలామంది పొరబడతారు. ఇది చప్పుడు గురించిన హామీ కాదు. పైన పిల్లలు పరిగెత్తినా, పక్క సందులో పెళ్లి మైకు మోగినా, బందరు రోడ్డు ట్రాఫిక్ వినబడినా ఓనరు మాట తప్పినట్టు కాదు. సంబంధం లేని బయటివాడు వచ్చి గొడవ చేసినా అంతే, దానికి దారి పోలీసులు. ఓనరు గానీ, ఆయన తరఫున వచ్చినవాళ్లు గానీ మీ స్వాధీనానికి, మామూలు వాడకానికి అడ్డొస్తేనే ఇది పనిచేస్తుంది. నీళ్లు కట్టేయడం, ఫ్యూజు పీకేయడం, మెట్ల దగ్గర గేటుకి తాళం వేయడం, చెప్పకుండా లోపలికి రావడం, రోజూ తలుపు కొట్టి బెదిరించడం ఇందులోకి వస్తాయి. ఒక్కసారి విసుక్కున్నందుకు కేసు నిలవదు. వాడకానికి నిజంగా దెబ్బ తగిలిందని కనబడాలి.

ఒక తేడా మాత్రం ముఖ్యం. మోటారు కాలిపోయి ఓనరు బాగుచేయించట్లేదంటే అది వేరే సంగతి. మన చట్టంలో మరమ్మతులు ఓనరు బాధ్యత అని దానంతటదే రాదు, ఒప్పందంలో ఒప్పుకుని ఉండాలి. ఒప్పుకుని, మీరు నోటీసిచ్చాక కూడా సమంజసమైన సమయంలో చెయ్యకపోతే మీరే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో కోసుకోవచ్చు, అది 108(ఎఫ్). మీ దగ్గర మోటారు తిరుగుతోంది, ట్యాంకు నిండుతోంది, కింద పంపులో నీళ్లొస్తున్నాయి, మీకెళ్లే పైపు వాల్వు ఒక్కటే కట్టేసి ఉంది. ఇది మరమ్మతు సమస్య కాదు, కావాలని పెట్టిన ఆటంకం. ఈ తేడా ఫొటోల్లో కనబడితే సగం పని అయిపోయినట్టే.

లోపలికి రావడం విషయంలో ఓనరుకీ ఒక హక్కుంది. 108(ఎం) ప్రకారం సమంజసమైన వేళల్లో ఇంటి పరిస్థితి చూసుకోడానికి ఆయనగానీ ఆయన మనుషులుగానీ రావచ్చు, మీరు రానివ్వాలి. కానీ అది గోడలు, పైపులు ఎలా ఉన్నాయో చూడటానికి. కొనేవాళ్లని వెంటబెట్టుకొచ్చి మీరు లేనప్పుడు తాళం తీయడం ఆ హక్కులో లేదు. అయితే సెక్షన్ 108లోని ఈ నియమాలన్నీ ‘ఒప్పందంలో వేరేగా లేకపోతే’ అన్న షరతుతోనే ఉంటాయి. ‘ఓనరు ఎప్పుడైనా ఇల్లు చూపించుకోవచ్చు’ అని మీ అగ్రిమెంటులో ఉంటే మీ పట్టు తగ్గుతుంది, కాబట్టి ఆ పేజీ చూసుకోండి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో 24 గంటల ముందు నోటీసు, సూర్యోదయానికి ముందు సూర్యాస్తమయం తర్వాత రాకూడదు అని ఉంది. అది నమూనా మాత్రమే. కోర్టులో చట్టంగా చూపించలేరు గానీ, ఉత్తరంలో పద్ధతిగా ప్రతిపాదించడానికి బాగుంటుంది.

ఇక పని. కోర్టు నీళ్లు వెంటనే ఇప్పించాలంటే, గొడవ మొదలవకముందు ఇద్దరూ కాదనలేని ఆఖరి స్థితి ఏమిటన్నది చూస్తుంది. ఆ స్థితిని తిరిగి నిలబెట్టడానికే మధ్యంతర ఉత్తర్వు ఇస్తారు. 1990లో సుప్రీంకోర్టు దొరబ్ కావస్‌జీ వార్డెన్ కేసులో పెట్టిన కొలత అదే. అంటే ‘ఫలానా రోజు రాత్రి వరకు వచ్చాయి, ఫలానా పొద్దున్నుంచి రావట్లేదు’ అని ఆ ఒక్క తేదీ గట్టిగా నిలబడాలి. మిగతా ఆధారాలన్నీ ఆ తేదీ చుట్టూ అల్లుకోవాలి.

వీడియో ఇలా తియ్యండి. వంటింటి కుళాయి తిప్పి నీళ్లు రాకపోవడం చూపించండి, ఆపకుండా అదే వీడియోలో మెట్లు దిగి వరండా కుళాయి లాంటి అందరూ వాడేచోట నీళ్లు వస్తుండటం చూపించండి. డాబా మీదకి వెళ్లే హక్కు మీకుంటే ట్యాంకు మట్టం, మీ పైపు మీద వాల్వు ఏ స్థితిలో ఉందో దగ్గర నుంచి చూపించండి. పిడి ఉన్న బాల్ వాల్వు అయితే పిడి పైపుకి అడ్డంగా ఉంటే కట్టేసినట్టు, పైపు వెంట ఉంటే తెరిచినట్టు. గుండ్రటి చక్రం ఉన్న గేట్ వాల్వుకి చూపుతో తెలియదు, అందుకే ఆ సందర్భంలో కుళాయిల వీడియోనే ముఖ్యం. డాబాకి తాళం వేసి ఉంటే పగలగొట్టకండి. తాళం ఫొటో తీస్తే చాలు. వాల్వు మీరే తిప్పుకోవడం కూడా ఈ దశలో వద్దు. ఆయన తిప్పి మీరు తిప్పి రోజూ గొడవైతే, ఎవరు ఎవరిని ఇబ్బంది పెడుతున్నారో చెప్పడం కష్టమవుతుంది.

ఫొటోలూ వీడియోలూ వాట్సాప్‌లో పంపుకుని ఫోనులోవి చెరిపేయకండి. వాట్సాప్ ఫైలుని కుదించేస్తుంది, తీసిన వివరాలూ పోతాయి. తీసిన ఫోను, అందులోని అసలు ఫైలు అలాగే ఉంచండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, లాయరు దాన్ని తయారుచేయిస్తారు. ట్యాంకరుకి, క్యాన్లకి పెట్టిన ప్రతి రూపాయికీ బిల్లు తీసుకోండి. ఉదాహరణకి 1,200 చొప్పున రెండు ట్యాంకర్లు, రోజుకి 60 చొప్పున తొమ్మిది రోజుల క్యాన్లు అయితే 2,940 రూపాయలు. నష్టపరిహారంగా అడగగలిగేది ఇలాంటి లెక్కతేలే ఖర్చే. మనోవేదనకి రెండు లక్షలు అని రాస్తే దానికి ఆధారం చూపించలేక, అసలు లెక్క కూడా పలచనవుతుంది.

తర్వాత ఉత్తరం. మొదటిది లాయరు నోటీసు అక్కర్లేదు, మీరే రాయొచ్చు. కోపం వద్దు, తేదీలుండాలి:

‘ఓనరు గారికి, మీ ఇంటి ఫస్ట్ ఫ్లోర్ పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. జూలై అద్దె 14,000 రూపాయలు 3వ తేదీన మీ ఖాతాకి పంపాం. 5వ తేదీ రాత్రి వరకు మా పోర్షన్‌కి ట్యాంకు నీళ్లు వచ్చాయి. 6వ తేదీ ఉదయం నుంచి రావడం లేదు. అదే ట్యాంకు నుంచి కింద పోర్షన్‌కి వస్తున్నాయి. జూన్ 21, 29 తేదీల్లో మేం లేనప్పుడు మా అనుమతి లేకుండా తాళం తీసి ఇతరులతో లోపలికి వచ్చారు. ఇకపై మా అనుమతి లేకుండా లోపలికి రావడానికి మేం ఒప్పుకోవడం లేదు. ఇల్లు చూపించాలంటే ఒకరోజు ముందు చెబితే ఆదివారం 11 నుంచి 1 గంట మధ్య మేం ఉండి చూపిస్తాం. ఈ ఉత్తరం అందిన 48 గంటల్లో నీళ్లు వదలమని కోరుతున్నాం. లేకపోతే కోర్టుని ఆశ్రయిస్తాం.’

స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే సదుపాయం పెట్టించి పంపండి. అదే ఫొటో తీసి వాట్సాప్‌లోనూ పెట్టండి. ఆదివారం రెండు గంటలు ఇవ్వడం మెతకదనం అనుకోకండి. ఇంజంక్షన్, అంటే ఫలానా పని చెయ్యమనో చెయ్యొద్దనో ఉత్తర్వు, అడిగేవారి నడవడి ఎలా ఉందో కోర్టు చూస్తుంది, ‘వీళ్లు ఇల్లు అమ్ముకోనివ్వట్లేదు’ అనే ఆరోపణకి ఆ ఒక్క వాక్యం ముందే జవాబు చెబుతుంది. పైగా కొన్నవాళ్లొచ్చినా మీరు వెంటనే లేవాల్సిన పనిలేదు. కొత్త ఓనరు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు, మీ గడువు, ఆ హామీ రెండూ ఇంటితోపాటే వెళ్తాయి.

‘అనుమతి లేకుండా రావడానికి ఒప్పుకోవడం లేదు’ అన్న వాక్యం పోలీసుల దగ్గర కూడా పనికొస్తుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329లోని అక్రమ ప్రవేశం, ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందో వారి మీద జరిగే నేరం. ఇంటి ఓనరు కూడా అద్దెకున్నవారి పట్ల చేయగలడు. కానీ బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. మొదటి రెండుసార్లు ‘కొనేవాళ్లకి చూపించడానికే’ అనేస్తారు. రాతపూర్వకంగా వద్దన్నాక మళ్లీ తాళం తీస్తే ఆ మాట నమ్మడం కష్టం. స్టేషన్లో ‘ఇది సివిల్ మేటరు’ అంటారు, నీళ్ల విషయంలో చాలావరకు నిజమే. బెదిరింపు, తాళం తీసి రావడం, సామాను బయట పడేయడం మాత్రం సివిల్ కాదు. అప్పటికప్పుడు గొడవైతే 112. ఫిర్యాదు తీసుకోకపోతే రాతపూర్వకంగా పోస్టులో పై అధికారికి పంపండి: విజయవాడలో పోలీసు కమిషనరు, గుంటూరులో ఎస్పీ. తాళం మీరు మార్చుకోవచ్చు. పాతది పారేయకుండా దాచి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగించి ఇవ్వండి.

48 గంటల్లో కదలిక లేకపోతే లాయరు దగ్గరికి వెళ్లాల్సిందే. మొదట అడగాల్సిన ప్రశ్న: మీ అద్దె మొత్తం, ఒప్పందం చూసి, ఇది సివిల్ కోర్టులో వెయ్యాలా, రాష్ట్ర అద్దె చట్టం కింద వెయ్యాలా? కింద చెప్పేది సివిల్ కోర్టు దారి. ఆధారాలు మాత్రం రెండింటికీ ఇవే.

సివిల్ కోర్టులో అయితే శాశ్వత ఇంజంక్షన్ దావా వేసి, దాంతోపాటు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 39, రూల్స్ 1, 2 కింద మధ్యంతర దరఖాస్తు పెడతారు. ఇందులో రెండు కోరికలు విడివిడిగా ఉండాలి. మా స్వాధీనానికి అడ్డు రాకూడదు అన్నది ఒకటి, నీళ్లు తిరిగి వదలాలి అన్నది రెండోది. మొదటిదే రాసి ఊరుకుంటే ఉత్తర్వు వస్తుంది గానీ కుళాయి ఎండిపోయే ఉంటుంది, ఎందుకంటే ఆయన అప్పటికే కట్టేసి ఉన్నారు. రెండోదానితోపాటు అదే కోడ్‌లోని ఆర్డర్ 26, రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ని వేయమని అడగండి. ఆయన వచ్చి ట్యాంకు, పైపులు, వాల్వు చూసి కోర్టుకి రిపోర్టు ఇస్తారు. కమిషనర్ వస్తున్నారని తెలిసి వాల్వు తెరిచేస్తే మరీ మంచిది, మీకు కావలసింది నీళ్లే కదా.

అవతలివాళ్లకి నోటీసు లేకుండా తాత్కాలిక ఉత్తర్వు వస్తే, ఆర్డర్ 39లోని రూల్ 3 ప్రకారం దావా, దరఖాస్తు, అఫిడవిట్, పత్రాల నకళ్లు వెంటనే వాళ్లకి పంపి, పంపినట్టు ఆ రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వెయ్యాలి. సంతోషంలో ఇది మర్చిపోతే, ఉత్తర్వు ఎత్తేయమని అడగడానికి అవతలి లాయరుకి మొదటి కారణం అదే. ఉత్తర్వుని లెక్కచేయకుండా మళ్లీ వాల్వు కడితే అదే ఆర్డర్‌లోని రూల్ 2ఎ కింద ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు ఉంటాయి. ఓనరు ముందే కేవియట్, అంటే తనకి చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకి అర్జీ, వేసి ఉంటే నోటీసు లేకుండా ఉత్తర్వు రాదు. అది 90 రోజులు పనిచేస్తుంది.

అగ్రిమెంటు స్టాంపు పేపరు మీద రాసి రిజిస్టర్ చేయించనిదైతే, దాని మీద అభ్యంతరం వస్తుంది, స్టాంపు చాల్లేదని పెనాల్టీ కూడా పడొచ్చు. కాబట్టి ఆ కాగితం లేకుండానే మీ స్వాధీనం రుజువయ్యేలా అద్దె చెల్లింపులు, గ్యాసు బిల్లు, ఈ చిరునామాతో ఉన్న ఆధార్, పిల్లల స్కూలు కాగితాలు కలిపి పెట్టుకోండి. అగ్రిమెంటు మీ పేరున ఉండి దావా మీరు వేస్తే, మహిళగా మీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చెయ్యండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీలో అడగండి. మీ వారి పేరున ఉంటే ఈ అర్హత ఆయనకి వర్తించదు.

నీళ్ల తర్వాత కరెంటు మీదకి రావొచ్చు. ఓనరుకి ఫ్యూజు పీకే అధికారం లేదు. బిల్లు కట్టకపోతే కరెంటు సంస్థ కూడా 15 రోజుల నోటీసు ఇచ్చాకే తియ్యాలి. మీ సర్వీసు నంబరు రాసిపెట్టుకుని బిల్లు మీరే ఆన్‌లైన్‌లో కట్టండి, తీసేస్తే 1912కి చెప్పండి. ఓనరు ఎన్ఓసీ ఇవ్వలేదని అద్దెకున్నవారికి కనెక్షన్ నిరాకరించకూడదని 2022లో దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

తాళం వేసి మిమ్మల్ని బయట పెడితే దారి వేరు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల లోపల దావా వేసి స్వాధీనం తిరిగి అడగొచ్చు, అందులో ఇల్లు ఎవరిదన్న వాదన నడవదు. ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది, ‘పెద్దమనుషుల్లో మాట్లాడుతున్నాం’ అని గడువు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఐదు నెలల తర్వాత సంగతి కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. 108(సి) హామీ గడువు ఉన్నంతవరకే. గడువు అయ్యాక ఆయన అద్దె తీసుకుంటూ ఉంటే నెలవారీ అద్దెగా కొనసాగుతుంది, అప్పుడు ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసివ్వాలి. తీసుకోకపోతే మీకు మిగిలేది, కోర్టు ద్వారా తప్ప బలవంతంగా తోసేయకూడదన్న రక్షణ మాత్రమే. దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి ఉండొచ్చు అనే సలహాలు వింటుంటారు గానీ, ఆ కాలానికి వాడకం పరిహారం కింద పెద్ద మొత్తం మీ మీద పడగలదు.

విసిగిపోయి ముందే వెళ్లిపోదామనుకుంటే, మాటామాటా అనుకుని తాళాలు పారేసి వెళ్లకండి. కారణం రాసి, తేదీ చెప్పి నోటీసివ్వండి. ఆ రోజు గోడలు, ఫిట్టింగులు, కరెంటు మీటరు రీడింగు వీడియో తీసి, తాళాలు అందుకున్నట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే తాళాలు లాయరు ద్వారా పంపండి. అడ్వాన్సు 28 వేలు, ట్యాంకరు బిల్లులు విడివిడి లెక్కలుగా అదే కాగితంలో అడగండి. నష్టపరిహారం దావాకి మూడేళ్ల గడువుంటుంది.